అవధి పదాలు, ఆహ్వాన క్రియలు: హోటల్ పండుగ ఆఫర్ ప్రకటన అనువాదంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

హోటళ్లు పండుగలకు విడుదల చేసే ఆఫర్ పోస్టర్లు చాలావరకు ఆంగ్లంలో తయారై తెలుగులోకి అనువాదమవుతున్నాయి. ఈ అనువాదాల్లో అంకెలు సాధారణంగా మారవు. అంకెకు పక్కన నిలిచి దాని హద్దును చెప్పే 'వరకు', 'లోపు', 'పై' వంటి చిన్న మాటల దగ్గరే అర్థం మారుతుంది. ఒక నమూనా సంక్రాంతి ప్రకటనను ఆధారంగా తీసుకొని, ఈ అవధి పదాలు ఎక్కడ సందిగ్ధతను కలిగిస్తాయో, ఆ భారాన్ని క్రియకు అప్పగించినప్పుడు కచ్చితత్వమూ ఆహ్వానగుణమూ ఏ విధంగా ఒకేచోట సాధ్యమవుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రకటనల అనువాదం, అవధి పదాలు, విభక్తి, సందిగ్ధత, షరతులు, వినియోగదారుల రక్షణ.

1. ప్రస్తావన

ప్రకటన అనువాదాన్ని చర్చించే వ్యాసాలు ఎక్కువగా నినాదాల మీద, సాంస్కృతిక ప్రతీకల మీద దృష్టి పెడతాయి. ఆఫర్ పోస్టర్ స్వభావం వేరు. దానిలో సగం ఆహ్వానపత్రిక, సగం ఒప్పందపత్రం. 'రండి' అని పిలిచే వాక్యానికీ, 'ఇంత తగ్గిస్తాం, ఈ రోజుల్లోనే తగ్గిస్తాం' అని మాట ఇచ్చే వాక్యానికీ మధ్య ఒక్క గీత కూడా ఉండదు. పాఠకుడు ఆ కాగితాన్ని నమ్మి కుటుంబంతో వస్తాడు. బిల్లు చెల్లించేచోట అతడు చదివిన అర్థమూ, క్యాషియరు చదివిన అర్థమూ వేరైతే నష్టపోయేది ఎవరో ఒకరు తప్పదు.

దీనికి చట్టపరమైన కోణమూ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు తొలిసారి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించే అధికారాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ఆ సంస్థ 2022 జూన్‌లో జారీచేసిన మార్గదర్శకాల్లో అనువాదకులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటుంది. ప్రకటనలో దావా ఏ భాషలో ఉంటే దానికి సంబంధించిన వివరణ లేదా షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. ఆ షరతు స్పష్టంగా కనిపించేచోట ఉండాలి, ప్రధాన దావాకు విరుద్ధంగా ఉండకూడదు. శీర్షికను తెలుగులో పెట్టి షరతులను ఆంగ్లంలోనే అడుగున వదిలివేసే అలవాటు ఈ నియమానికి నిలవదు. అందువల్ల షరతుల అనువాదం అనువాదకుని బాధ్యతలో అనివార్య భాగం.

2. నమూనా పాఠం

ఈ వ్యాసం కోసం ఒక నమూనా ప్రకటనను రూపొందించుకున్నాను. కోస్తాంధ్రలోని ఒక పట్టణంలో గదులు, రెస్టారెంటు రెండూ ఉన్న హోటల్ దీనిని 2026 సంక్రాంతికి విడుదల చేసిందని భావిద్దాం. ఆంగ్ల మూలంలోని ప్రధాన వాక్యాలు తెలుగు లిపిలో ఇవి:

అప్ టు 30 పర్సెంట్ ఆఫ్ ఆన్ రూమ్స్.
ఫ్లాట్ 20 పర్సెంట్ ఆఫ్ ఆన్ ఫుడ్ బిల్స్ అబౌవ్ రూపీస్ 1500.
కిడ్స్ అండర్ 5 ఈట్ ఫ్రీ అట్ ద బఫే.
వాలిడ్ ఫ్రమ్ 14 టు 16 జనవరి. బుక్ బై 10 జనవరి.
నాట్ వాలిడ్ విత్ ఎనీ అదర్ ఆఫర్. ట్యాక్సెస్ ఎక్స్‌ట్రా.

దీనికి తరచుగా కనిపించే పద్ధతిలో అనువాదం ఈ విధంగా ఉంటుంది:

గదులపై 30% వరకు తగ్గింపు.
రూ. 1500 పై ఫుడ్ బిల్లులపై 20% తగ్గింపు.
5 ఏళ్ల లోపు పిల్లలకు బఫే ఉచితం.
జనవరి 14 నుండి 16 వరకు. 10వ తేదీలోపు బుక్ చేసుకోండి.
ఏ ఇతర ఆఫర్‌తోనూ చెల్లదు. పన్నులు అదనం.

ఈ అనువాదంలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. అయినా దీనిలోని ప్రతి పంక్తినీ రెండు విధాలుగా చదవవచ్చు.

3. అవధి పదాల సందిగ్ధత

3.1 'వరకు': స్థానం తెచ్చే చిక్కు

ఆంగ్లంలో హద్దును చెప్పే మాట అంకెకు ముందు వస్తుంది. పాఠకుడు 'అప్ టు' అన్న మాటను దాటిన తరువాతే 30ని చేరుకుంటాడు. తెలుగులో హద్దు అంకె తరువాత వస్తుంది. పోస్టర్ రూపకర్త 30 శాతాన్ని అరచేయంత అక్షరాలతో వేసి, 'వరకు'ను దాని పక్కన చిన్నగానో, కింది పంక్తిలోనో ఉంచుతాడు. వీధిలో నడిచే మనిషి చూపు 30 దగ్గరే ఆగిపోతుంది. వ్యాకరణరీత్యా అనువాదం సరైనదే అయినా, పదక్రమభేదం వల్ల హద్దు కంటికి అందకుండా పోయింది.

'గరిష్ఠంగా 30 శాతం' అని హద్దును ముందుకు తేవడం ఒక పరిష్కారం. కానీ ఆ మాటలో కార్యాలయపు వాసన ఉంది. అంతకంటే మంచి మార్గం, 'ఏ గదికి ఎంత?' అని హోటల్‌ను అడగడం. స్టాండర్డ్ గదికి 10, డీలక్స్ గదికి 20, సూట్‌కు 30 శాతం అని వారు చెప్పారనుకుందాం. అప్పుడు 'వరకు'తో పనే లేదు. 'స్టాండర్డ్ గది అద్దెలో 10 శాతం, డీలక్స్‌లో 20 శాతం, సూట్‌లో 30 శాతం తగ్గుతుంది' అని రాయవచ్చు. పాఠకుడు తన గదికి వచ్చే లాభాన్ని నేరుగా చూస్తాడు. ఆహ్వానం కూడా దీనివల్ల తగ్గదు.

ఇక్కడ శాతానికి సంబంధించిన మరొక జాగ్రత్త అవసరం. '20 శాతానికే' అన్నప్పుడు అసలు ధరలో ఐదో వంతుకే ఇస్తామనే అర్థం వస్తుంది. '499కే భోజనం' అన్న ప్రయోగంలో ధరకు చేరి ఆకర్షణ తెచ్చే ఏవార్థకాన్ని అలవాటుకొద్దీ శాతానికి చేర్చకూడదు. 'బిల్లులో 20 శాతం తగ్గుతుంది' అన్న నిర్మాణంలో ఈ ప్రమాదం లేదు.

3.2 'పై': రెండు అర్థాలు

'రూ. 1500 పై ఫుడ్ బిల్లులపై' అన్న వాక్యంలో మొదటి 'పై' మించిన పరిమాణాన్నీ, రెండవ 'పై' విషయాన్నీ సూచిస్తున్నాయి. 'రూ. 1500 పై 20 శాతం' అని కుదించినప్పుడు పూర్తిగా వేరే అర్థం కూడా పొసగుతుంది. బిల్లు ఎంతైనా అందులో 1500 రూపాయల మీద మాత్రమే, అంటే 300 రూపాయలు మాత్రమే తగ్గుతాయని అర్థం చేసుకోవచ్చు. లేదా 1500 దాటిన భాగం మీద మాత్రమే తగ్గింపు అని కూడా చదవవచ్చు. 2400 రూపాయల బిల్లుకు మొదటి పఠనంలో 300, రెండవ పఠనంలో 180, హోటల్ ఉద్దేశంలో 480 రూపాయలు తగ్గుతాయి.

ఇంకొక ప్రశ్న మిగిలే ఉంది. బిల్లు సరిగ్గా 1500 అయితే? 'అబౌవ్' అన్న ఆంగ్లపదాన్ని అక్షరాలా తీసుకుంటే తగ్గింపు రాదు. 1500 బిల్లు చేసినవారు 1500 చెల్లిస్తారు. 1501 బిల్లు చేసినవారు 1200 రూపాయల 80 పైసలు చెల్లిస్తారు. ఒక్క రూపాయి తేడాకు మూడు వందల రూపాయల తగాదా. ఈ ప్రశ్న అడిగితే చాలా సందర్భాల్లో యాజమాన్యం '1500 ఉన్నా ఇస్తాం' అనే అంటుంది. అలా అన్నప్పుడు ఆంగ్ల మూలాన్ని కూడా సవరించమని చెప్పడం అనువాదకుని ధర్మం. లేకపోతే ఒకే గోడమీద రెండు భాషల్లో రెండు వేర్వేరు ఆఫర్లు ఉన్నట్లవుతుంది.

తెలుగులో ఈ తేడాను క్రియలు స్పష్టంగా చెబుతాయి. 'బిల్లు రూ. 1500 దాటితే' అంటే 1500 చేరదు. 'బిల్లు రూ. 1500కు చేరితే చాలు' అంటే 1500 కూడా చేరుతుంది. రెండవ వాక్యంలో హద్దును చెప్పే క్రియే ఆహ్వానాన్ని కూడా పలుకుతున్నది. 'చాలు' అన్న మాట షరతును కష్టంగా కాక సులభంగా కనిపింపజేస్తుంది. ఈ వ్యాసం ప్రతిపాదించే సూత్రానికి ఇదే మూలం: హద్దును ప్రత్యయానికి వదిలివేయక క్రియకు అప్పగించాలి.

ఈ 1500 పన్ను కలిపిన మొత్తమా, కలపనిదా అన్నదీ తేల్చుకోవాలి. ఐదు శాతం పన్ను వర్తించే రెస్టారెంటులో 1450 రూపాయల భోజనం పన్నుతో కలిసి 1522 రూపాయల 50 పైసలు అవుతుంది. తగ్గింపును పన్నుకు ముందు లెక్కించినా, తరువాత లెక్కించినా చివరి మొత్తం ఒక్కటే వస్తుంది కాబట్టి చాలామంది ఈ ప్రశ్న అనవసరమని భావిస్తారు. తగ్గింపు లెక్కలో తేడా రాకపోయినా, అర్హత లెక్కలో వస్తుంది.

3.3 'లోపు': వయస్సు, గడువు

'లోపల' అన్న మాట మనకు షష్ఠీ విభక్తి పట్టికలో చిన్నప్పటి నుంచీ పరిచయమే. స్థలాన్ని చెప్పే ఈ మాట కాలానికీ వయస్సుకూ విస్తరించినప్పుడు హద్దు లోపలిదా, వెలుపలిదా అన్నది సందర్భానికి వదిలివేస్తుంది. '10వ తేదీలోపు' అంటే పదవ తేదీ కూడా కలుస్తుందా? అడిగిన నలుగురిలో ఇద్దరు కలుస్తుందని, ఇద్దరు కలవదని చెప్పడానికి అవకాశం ఉన్న వాక్యం ఇది. 'జనవరి 10 శనివారం రాత్రి 8 గంటలకు బుకింగ్ ముగుస్తుంది' అంటే రెండో అర్థానికి తావు లేదు. వారం పేరు చేర్చడం అలంకారం కాదు. తేదీలో అచ్చుతప్పు దొర్లితే వారం దానిని పట్టిస్తుంది.

వయస్సు దగ్గర తెలుగు వాడుకలోని ఒక ప్రత్యేకత అడ్డు వస్తుంది. మన పెద్దలు వయస్సును రెండు విధాలుగా చెబుతారు. 'ఐదో ఏడు నడుస్తోంది' అంటే నాలుగు నిండిన బిడ్డ. 'ఐదేళ్లు నిండాయి' అంటే ఆంగ్లపు లెక్కలో ఐదేళ్ల బిడ్డ. 'ఐదేళ్ల లోపు' అన్నప్పుడు ఏ లెక్కను తీసుకోవాలో తెలియదు. 'అండర్ 5'కు సరిసమానమైన తెలుగు '5 ఏళ్లు నిండని పిల్లలు'. ఇది తెలుగు వాడుకలోనే సిద్ధంగా ఉన్న నిర్మాణం. ఇక్కడా హద్దును మోసేది 'నిండని' అన్న క్రియాజన్య విశేషణమే.

'ఉచితం' అన్న మాటకు పైన పేర్కొన్న మార్గదర్శకాలు ప్రత్యేక నియమం పెట్టాయి. ఉచితాన్ని పొందడానికి వినియోగదారుడు ఏం చేయవలసి ఉంటుందో ప్రకటన స్పష్టం చేయాలి. మన నమూనాలో 'డబ్బు చెల్లించే ఒక్కో పెద్దవారి వెంట ఒక్కో బిడ్డకు' అన్నది హోటల్ ఉద్దేశమైతే, దానిని ఉచితం అన్న మాట పక్కనే రాయాలి, అడుగున చుక్కగుర్తు కింద దాచకూడదు.

3.4 తేదీలు: పండుగ పేరు, పగలు, రాత్రి

2026లో భోగి జనవరి 14, సంక్రాంతి 15, కనుమ 16 తేదీల్లో వచ్చాయి. పోస్టర్ శీర్షికలో 'సంక్రాంతి రోజుల్లో' అని మాత్రమే రాస్తే కోస్తా జిల్లాల పాఠకుడు నాలుగో రోజైన ముక్కనుమను కూడా కలుపుకుంటాడు. పండుగ పేరు పిలుపుకు ఉపయోగపడుతుంది, హద్దుకు చాలదు. కాబట్టి పేరును శీర్షికలో ఉంచి, దాని కిందనే తేదీ, వారం, సంవత్సరం మూడింటినీ ఇవ్వాలి. సంవత్సరం లేని పోస్టర్ ఫోన్లలో తిరుగుతూ మరుసటి పండుగకు మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

గదుల విషయంలో '14 నుండి 16 వరకు' అన్నది మరింత చిక్కైన మాట. బస రాత్రుల లెక్క. 14న దిగి 16న ఖాళీ చేస్తే రెండు రాత్రులు, 16 రాత్రి కూడా ఉంటే మూడు. హోటల్ ఉద్దేశం మూడు రాత్రులైతే '14, 15, 16 తేదీల రాత్రులు' అని విడివిడిగా రాయడమే క్షేమం. అయితే 'మూడు రాత్రుల బసకు తగ్గింపు' అన్నప్పుడు మూడు రాత్రులూ ఉంటేనే ఇస్తారా అన్న సందేహం పుడుతుంది. 'ఈ మూడు రాత్రుల్లో ఏ రాత్రి బస చేసినా' అన్న వాక్యం ఆ సందేహాన్ని తీరుస్తుంది.

'16 అర్ధరాత్రి వరకు' అన్న ప్రయోగాన్ని పూర్తిగా మానుకోవాలి. తేదీ అర్ధరాత్రికి మారుతుంది, మన సంప్రదాయంలో రోజు సూర్యోదయానికి మారుతుంది. అందువల్ల 16 అర్ధరాత్రి అంటే 16 మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా అన్నది తేలదు. రెస్టారెంటుకు 'జనవరి 16 శుక్రవారం రాత్రి 10.30కు చివరి ఆర్డరు' అన్న మాట చాలు.

4. నిషేధ వాక్యం, ఆహ్వాన వాక్యం

'ఏ ఇతర ఆఫర్‌తోనూ చెల్లదు' అన్నది చెల్లని నాణేన్ని తిప్పికొట్టినట్లుగా వినిపిస్తుంది. దీనిని మృదువుగా మార్చాలని 'ఒక బిల్లుకు ఒకే ఆఫర్' అని రాసినవారు కొత్త చిక్కు తెచ్చుకుంటారు. మన నమూనాలో భోజనం బిల్లుకు 20 శాతం తగ్గింపూ, పిల్లలకు ఉచితమూ ఒకే పోస్టర్‌లో ఉన్నాయి. ఒకే ఆఫర్ అన్నప్పుడు బిడ్డతో వచ్చిన తల్లిదండ్రులు వాటిలో ఒకదాన్ని వదులుకోవాలా? హోటల్ ఉద్దేశం అది కాదు. బయటి కూపన్లు కలపకూడదన్నదే వారి షరతు. 'ఈ తగ్గింపుతో ఇతర కూపన్లను, ఆఫర్లను కలపలేము' అంటే మర్యాదగానూ, కచ్చితంగానూ ఉంటుంది. ఇక్కడ నిషేధం వినియోగదారుని మీద కాక హోటల్ అశక్తతగా చెప్పబడింది. తెలుగు మర్యాదలో కాదనడానికి ఇది సహజమైన పద్ధతి.

ఆహ్వాన వాక్యాలకు కూడా హద్దు ఉంది. పండుగ పిలుపుల్లో మనకు అలవాటైన మాటలు కొన్ని వాగ్దానాలుగా మారతాయి. 'సకుటుంబంగా విచ్చేయండి' అన్న పెళ్లిపత్రిక ధోరణి, తలకు ఇంత అని వసూలు చేసే బఫేకు పెడితే కుటుంబానికంతా ఒకే ధర అనే భ్రమ కలగవచ్చు. 'కొసరి కొసరి వడ్డిస్తాం' అన్నది వినసొంపైన మాటే, కానీ బఫేలో ఎవరికి వారే వడ్డించుకుంటారు. ఆహ్వాన వాక్యంలో ధర, పరిమాణం, సేవ అనే మూడింటికి సంబంధించిన ఊహ కలిగించే మాట ఉందేమో చూసుకోవాలి. లేనప్పుడే అది నిరపాయకరం.

మాటల ఎంపికలోనూ కొంత వివక్ష అవసరం. 'రాయితీ' అన్న మాటకు ప్రభుత్వం ఇచ్చే సౌకర్యం అన్న ఛాయ ఎక్కువ. వ్యాపార సందర్భంలో 'తగ్గింపు' సూటిగా ఉంటుంది. 'ఆఫర్', 'బుకింగ్', 'బఫే' అన్నవి జనం నోట నిలిచిన మాటలే కాబట్టి వాటికి కొత్త సంస్కృత సమాసాలు కట్టనవసరం లేదు. 'హోటల్' అంటే తెలుగులో భోజనశాల అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. 'హోటల్‌లో 20 శాతం తగ్గింపు' అని రాయక, గదికో భోజనానికో స్పష్టంగా చెప్పాలి.

5. సవరించిన పాఠం

పై చర్చను అనుసరించి, హోటల్ నుంచి రాబట్టిన సమాధానాలతో సిద్ధమైన తెలుగు పాఠం ఇది:

భోగి, సంక్రాంతి, కనుమ: మూడు రోజులూ మా ఆతిథ్యం స్వీకరించండి!
2026 జనవరి 14 బుధవారం, 15 గురువారం, 16 శుక్రవారం

గదులు: ఈ మూడు రాత్రుల్లో ఏ రాత్రి బస చేసినా స్టాండర్డ్ గది అద్దెలో 10 శాతం, డీలక్స్‌లో 20 శాతం, సూట్‌లో 30 శాతం తగ్గుతుంది. జనవరి 10 శనివారం రాత్రి 8 గంటలకు బుకింగ్ ముగుస్తుంది.

భోజనం: పన్ను కలపకముందు బిల్లు రూ. 1500కు చేరితే చాలు, మొత్తం బిల్లులో 20 శాతం తగ్గుతుంది. జనవరి 16 రాత్రి 10.30కు చివరి ఆర్డరు.

పిల్లలు: 5 ఏళ్లు నిండని పిల్లలకు బఫే ఉచితం. బఫేకు చెల్లించే ఒక్కో పెద్దవారి వెంట ఒక్కో బిడ్డకు ఇది వర్తిస్తుంది.

పన్నులు అదనం. ఈ తగ్గింపుతో ఇతర కూపన్లను, ఆఫర్లను కలపలేము.

ఇది మొదటి అనువాదం కంటే పొడవైనది. క్రియకు చోటివ్వడానికి చెల్లించే మూల్యం అదే. అయితే 'షరతులు వర్తిస్తాయి' అన్న పంక్తి అవసరం దీనిలో లేకుండా పోయింది. చెప్పవలసిన షరతులన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. అచ్చువేసేటప్పుడు అంకె ఒక పంక్తిలో, 'శాతం' మరో పంక్తిలో విడిపోకుండా చూడాలి. తెలుగులో వత్తులు అక్షరం కిందకు దిగుతాయి కాబట్టి ఆంగ్లానికి సరిపోయిన చిన్న అక్షర పరిమాణం తెలుగు షరతులకు సరిపోదు. పంక్తుల మధ్య ఎడమూ పెంచాలి.

6. పరీక్ష: బిల్లుతో సరిచూడడం

ఇటువంటి పాఠాన్ని తిరిగి ఆంగ్లంలోకి అనువదించి సరిచూడడం ఒక పద్ధతి. కానీ తిరుగు అనువాదంలో 'వరకు' మళ్లీ 'అప్ టు'గానే మారి తప్పు కనబడకుండా పోతుంది. దానికంటే బిల్లు వేయించి చూడడం మేలు. ఆంగ్ల పోస్టర్ చూడని ఇద్దరికి, వీలైతే ఒక క్యాషియరుకూ ఒక సాధారణ పాఠకునికీ, తెలుగు పాఠం మాత్రమే ఇచ్చి ఈ ప్రశ్నలు అడగాలి:

ఒకటి, భోజనం బిల్లు సరిగ్గా 1500 అయితే ఎంత తగ్గుతుంది? రావలసిన సమాధానం 300.
రెండు, బిల్లు 2400, పన్ను ఐదు శాతం అయితే చెల్లించేది ఎంత? తగ్గింపు 480 పోగా 1920, దానిపై పన్ను 96, మొత్తం 2016.
మూడు, ఒక పెద్దవారు ఐదేళ్లు నిండిన ఒకరినీ, మూడేళ్ల కవలలనూ తెస్తే ఎందరికి ఉచితం? ఒక్కరికే.
నాలుగు, జనవరి 16న దిగి 17న ఖాళీ చేసేవారికి గది తగ్గింపు ఉందా? 10వ తేదీ రాత్రి 8 గంటలకు ముందే బుక్ చేసుకుని ఉంటే, ఉంది.

ఇద్దరి సమాధానాలూ ఒకటై, అవి హోటల్ ఉద్దేశంతో కలిస్తే అనువాదం నిలిచినట్లు. ఏ ప్రశ్న దగ్గర సమాధానాలు విడిపోయాయో ఆ వాక్యంలో ఏదో ఒక అవధి పదం హద్దును తేల్చకుండా వదిలివేసిందని గ్రహించాలి. మొదటి అనువాదానికి ఇవే ప్రశ్నలు వేసి చూస్తే, ఒకటవ ప్రశ్నకు సున్నా అనీ, 300 అనీ రెండు సమాధానాలకూ ఆ పాఠంలోనే ఆధారం దొరుకుతుంది.

7. ముగింపు

ఆఫర్ పోస్టర్‌లో కచ్చితత్వం, ఆకర్షణ పరస్పర విరుద్ధాలనీ, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుందనీ ఒక అభిప్రాయం ఉంది. ఆ విరోధం తెలుగులో ఆంగ్ల నిర్మాణాన్ని అనుసరించి నామపదాలు, ప్రత్యయాలు పేర్చినప్పుడే ఎక్కువగా కనబడుతుంది. 'చేరితే చాలు', 'నిండని', 'ముగుస్తుంది', 'ఏ రాత్రి బస చేసినా' వంటి క్రియారూపాలు హద్దునూ చెబుతాయి, మనిషిని మనిషి పలకరించినట్లుగానూ ఉంటాయి. అయితే క్రియను ఎంచుకోవాలంటే హద్దు ఎక్కడుందో ముందు తెలియాలి. మూలం దానిని చెప్పనప్పుడు యాజమాన్యాన్ని అడిగి తెలుసుకోవడం అనువాద ప్రక్రియలో మొదటి మెట్టు. ప్రకటనల అనువాదాన్ని బోధించే తరగతుల్లో నినాదాలతో పాటు ఇటువంటి షరతుల పాఠాలనూ, బిల్లు పరీక్షనూ అభ్యాసాలుగా చేర్చితే విభక్తులు, అవధి పదాలు వ్యవహారంలో చేసే పనిని విద్యార్థులు ప్రత్యక్షంగా గమనించగలుగుతారు.